మూడు చిన్న మార్పులు, తొమ్మిది కోట్ల తేడా: ఒక వాహన ఫైనాన్స్ కంపెనీలో ఈసీఎల్ ఆడిట్

పాత లారీలు, ట్రాక్టర్ల మీద అప్పులిచ్చే ఒక ఎన్‌బీఎఫ్‌సీ. నల్గొండ, ఖమ్మం, గుంటూరు, కృష్ణా జిల్లాల్లో బ్రాంచీలు. 2024 మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి మేం ఆడిటర్లం. క్లయింట్ ఎవరో తెలియకూడదని అంకెలు కొంత మార్చాను. అంకెల మధ్య పొంతన మాత్రం అసలు ఫైల్‌లో ఉన్నట్టే ఉంది.

నిరుడు అప్పుల మొత్తం 540 కోట్లు. అందులో మునిగిపోవచ్చని అంచనా వేసి పక్కన పెట్టిన సొమ్ము, అంటే ఈసీఎల్ ప్రొవిజన్, 21.7 కోట్లు. ఈ ఏడు అప్పులు 600 కోట్లకు పెరిగాయి. కిస్తీ 31 నుంచి 90 రోజులు దాటిన స్టేజ్ 2 ఖాతాలు 48 కోట్ల నుంచి 66 కోట్లకు, 90 రోజులు దాటిన స్టేజ్ 3 ఖాతాలు 30 కోట్ల నుంచి 36 కోట్లకు చేరాయి. అప్పులు పెరిగాయి, మొండి బాకీలూ పెరిగాయి. ప్రొవిజన్ మాత్రం 19.4 కోట్లకు తగ్గింది. పన్నుకు ముందు లాభం 30 కోట్లు. ఇంతకు మించిన తప్పును వదిలేయకూడదని మేం పెట్టుకున్న హద్దు, అంటే మెటీరియాలిటీ, అందులో 5 శాతం, కోటిన్నర.

ప్రొవిజన్ తగ్గినంత మాత్రాన తప్పు జరిగిందనలేం. వసూళ్లు నిజంగానే మెరుగుపడి ఉండొచ్చు. అందుకే మొదట మోడల్ ఎక్సెల్ జోలికి పోకుండా, నిరుటికీ ఈ ఏటికీ ఏమేం మారాయో ఒక్క పేజీలో రాసిమ్మని ఫైనాన్స్ వాళ్లను అడిగాం. మూడు మార్పులు బయటపడ్డాయి. డిఫాల్ట్ అయిన ఖాతాలో చివరికి పోయే సొమ్ము శాతం, అంటే ఎల్‌జీడీ, 38 నుంచి 30కి తగ్గింది. భవిష్యత్తు అంచనాలకు ఇచ్చే వెయిట్లు మారాయి. ఖాతా స్టేజ్ 3 నుంచి ఎప్పుడు బయటికి రావాలన్న చోట ఆచరణ మారింది. మొదటి రెండింటికీ నోట్ ఉంది, సంతకాలున్నాయి. విడివిడిగా చూస్తే ఏదీ మరీ విడ్డూరంగా అనిపించదు. మూడూ లాభాన్ని పెంచే వైపే వెళ్లాయి, మూడూ ఒకే త్రైమాసికంలో వచ్చాయి.

ఆ త్రైమాసికంలోనే కంపెనీలో వాటా కొనడానికి ఒక పెట్టుబడిదారుతో మాటలు నడుస్తున్నాయి. వాటా ధరకు ఆధారం ఈ ఏడాది లాభమే. బోర్డు మినిట్స్‌లో అది రాసే ఉంది. ఎవరి మీదా నింద వేయకుండానే ఆ విషయాన్ని రిస్క్ అసెస్‌మెంట్‌లో రాసుకున్నాం. ఈసీఎల్‌ను సిగ్నిఫికెంట్ రిస్క్‌గా పెట్టుకున్నాం.

నిరుటి అంచనా ఏమైంది?

అంచనాల ఆడిట్‌కు సంబంధించిన ప్రమాణం ఎస్‌ఏ 540 తొమ్మిదో పేరా ప్రకారం నిరుటి అంచనా నిజంలో ఎలా తేలిందో చూడాలి. చాలా ఫైళ్లలో దీన్ని ఒక టిక్కుతో సరిపెడతారు. నా అనుభవంలో పక్షపాతాన్ని పట్టించే పనుల్లో ఇదే ముందు. అయితే అప్పట్లో తెలిసిన సమాచారంతో తీసుకున్న నిర్ణయాన్ని ఇప్పటి తెలివితో తప్పుపట్టడానికి కాదు ఈ పని. అంచనా వేసే పద్ధతి ఏ వైపుకు ఒరుగుతోందో తెలుసుకోవడానికి.

నిరుడు స్టేజ్ 3లో ఉన్న 30 కోట్ల ఖాతాలు తీసుకుని ఒక్కొక్కటీ ఏమైందో వెతికాం. ఏడాదిలో 12 కోట్ల ఖాతాల్లో బండ్లు అమ్ముడై ఖాతాలు ముగిశాయి. మిగతా 18 కోట్లు ఇంకా స్టేజ్ 3లోనే, ఇంకో ఏడాది పాతబడి ఉన్నాయి. మేనేజ్‌మెంట్ కొత్త ఎల్‌జీడీ 30 శాతం ఆ 12 కోట్ల మీదే తయారైంది. ఆ బండ్లు అమ్మితే 8.4 కోట్లు వచ్చాయి, 3.6 కోట్లు పోయాయి, కాబట్టి 30 శాతం. లెక్కలో కూడికలు, భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి.

తేడా అంతా ఏ ఖాతాలను లెక్కలోకి తీసుకున్నారన్న దగ్గర ఉంది. త్వరగా అమ్ముడైనవి మంచి బండ్లు. ఎవరూ కొననివి, ఓనర్ ఎక్కడో దాచేసినవి, ఆర్‌సీ గొడవల్లో చిక్కుకున్నవి ఆ 18 కోట్లలో ఉండిపోయాయి. వాటిని పక్కన పెట్టి ముగిసిన ఖాతాల సగటు తీస్తే నష్టం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది. నిరుటిదాకా మూడేళ్ల డేటా వాడేవాళ్లు. ఈ ఏడు "తాజా పరిస్థితికి దగ్గరగా ఉంటుంది" అని పన్నెండు నెలలకు కుదించారు. గడువు ఎంత కుదిస్తే తొందరగా ముగిసిన ఖాతాల బరువు అంత పెరుగుతుంది.

రెండో తేడా అమ్మిన ధరను చూసిన తీరులో ఉంది. ఇక్కడ ఒక్క బండిని దగ్గరగా చూద్దాం. పది టైర్ల లారీ. డిఫాల్ట్ అయ్యేనాటికి బాకీ 9,40,000. పదహారు నెలల తర్వాత 7,10,000కు అమ్మారు. మేనేజ్‌మెంట్ లెక్కలో నష్టం 2,30,000, అంటే 24.5 శాతం. అదే ఖాతా వోచర్లు తీస్తే సీజింగ్ ఏజెంట్‌కు 25,000, యార్డు అద్దె 33,000, వేలం బ్రోకర్‌కూ వాల్యుయేషన్‌కూ కలిపి 12,000 వెళ్లాయి. ఈ 70,000 "ఇతర ఖర్చులు" హెడ్‌లో పడిపోయింది కాబట్టి ఎల్‌జీడీ షీట్‌లోకి రాలేదు. అది తీసేస్తే చేతికి వచ్చింది 6,40,000. ఆ సొమ్ము వచ్చింది పదహారు నెలల తర్వాత. ఈసీఎల్ లెక్కను నిర్దేశించే అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 109 ప్రకారం రావాల్సిన డబ్బును ఆ అప్పు ఎఫెక్టివ్ వడ్డీ రేటుతో వెనక్కి లెక్కించాలి. ఈ అప్పు మీద రేటు 18 శాతం. అలా చూస్తే 6,40,000 విలువ డిఫాల్ట్ నాటికి సుమారు 5,13,000. నష్టం 45 శాతం పైన తేలింది. బండి అదే, వోచర్లూ అవే. ఖర్చులు అమ్మకం కంటే ముందే చెల్లించారు కాబట్టి నెలవారీగా కచ్చితంగా వేస్తే నష్టం ఇంకాస్త పెరుగుతుంది. మేం ఆ లోతుకు వెళ్లలేదు.

ముగిసిన 12 కోట్ల ఖాతాలన్నిటినీ ఇలా ఖర్చులు తీసి, డిస్కౌంట్ చేసి చూస్తే సగటు నష్టం 36 శాతం దగ్గర వచ్చింది. అమ్మని బండ్ల సంగతి తేలాలంటే యార్డుకు వెళ్లక తప్పదు.

మిర్యాలగూడ దగ్గర యార్డులో గేటు దగ్గర ఒక రిజిస్టర్ ఉంటుంది. బండి లోపలికి వచ్చిన తేదీ, కిలోమీటర్ రీడింగ్, టైర్లు ఎన్ని, బ్యాటరీ ఉందా లేదా, అన్నీ వాచ్‌మన్ చేతిరాతలో ఉన్నాయి. ఆఫీసులో ఉన్న అమ్మకాల రిజిస్టర్ అమ్ముడైన బండ్ల గురించే చెబుతుంది. అమ్ముడుపోని బండి కనిపించేది ఈ గేటు రిజిస్టర్‌లోనే. ఏడాది దాటి పడున్న బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఫైల్‌లో వాల్యుయర్ రిపోర్ట్ "రన్నింగ్ కండిషన్" అంటున్న ఒక లారీకి వెనక నాలుగు టైర్లు లేవు, బ్యాటరీ పెట్టె ఖాళీగా ఉంది. గేటు రిజిస్టర్‌లో అది వచ్చిన రోజే "టైర్లు 6, బ్యాటరీ లేదు" అని రాసి ఉంది. వాల్యుయర్ ఆ బండిని చూడకుండానే, మోడల్ సంవత్సరాన్ని బట్టి ధర కట్టాడని అక్కడే తేలిపోయింది. అలాంటి రిపోర్టులున్న బండ్లను విడిగా జాబితా చేసి, మేం నియమించుకున్న వాల్యుయర్‌తో మళ్లీ ధర కట్టించాం.

బ్రాంచిలో వసూళ్లు చూసే మేనేజర్‌తో మాట్లాడటం కూడా చాలా పనికొచ్చింది. ఫైనాన్స్ వాళ్లను "ఎల్‌జీడీ ఎందుకు తగ్గింది" అని అడిగితే నోట్‌లో ఉన్నదే చదువుతారు. ఆయన్ని మాత్రం "ఈ ఏడు బండ్లు త్వరగా అమ్ముడవుతున్నాయా సార్?" అని అడిగాను. "ఎక్కడ సార్! లోడ్లు లేక ఓనర్లే బండ్లు తెచ్చి అప్పజెబుతుంటే కొనేవాళ్లెవరు? నిరుడు వేలానికి పదిమంది వచ్చేవాళ్లు, ఇప్పుడు ముగ్గురు నలుగురు" అన్నారాయన. ఈసీఎల్ మోడల్ గురించి ఆయనకు తెలియదు కాబట్టి ఆయన జవాబులో ప్రొవిజన్ ఎంతవ్వాలన్న ఆలోచన లేదు.

మూడేళ్లలో డిఫాల్ట్ అయిన ఖాతాలన్నీ తీసుకుని, ముగిసినవీ ముగియనివీ కలిపి లెక్కిస్తే మొదట ఎల్‌జీడీ 37 నుంచి 43 శాతం మధ్య వచ్చింది. అంత వెడల్పు రేంజ్ పనికిరాదు. ప్రొవిజన్‌లో అది నాలుగు కోట్లకు పైగా తేడా, మా మెటీరియాలిటీకి దాదాపు మూడింతలు. అంత విశాలమైన రేంజ్‌లో మేనేజ్‌మెంట్ అంకె ఎక్కడ పడినా సరే అనాల్సి వస్తుంది. అందుకని బండి వయసు బట్టి, లారీ ట్రాక్టర్ విడదీసి మళ్లీ లెక్కించాం. ఏప్రిల్, మే నెలల్లో జరిగిన వేలాల ధరలు కూడా మా రిపోర్ట్ తేదీలోపే దొరికాయి. వాటితో సరిచూస్తే రేంజ్ 39 నుంచి 41 శాతానికి కుదిరింది.

వెయిట్లు

మోడల్‌లో మూడు దృశ్యాలు: మామూలుగా సాగితే, బాగా సాగితే, దెబ్బతింటే. మామూలు దృశ్యంలో స్టేజ్ 2 ఖాతా డిఫాల్ట్ అయ్యే సంభావ్యత, అంటే పీడీ, 20 శాతం, బాగుంటే 16, దెబ్బతింటే 32. నిరుడు వెయిట్లు 60, 10, 30. ఈ ఏడు 70, 20, 10 చేశారు. దాంతో 23.2 రావాల్సిన పీడీ 20.4కి దిగింది. స్టేజ్ 1లోనూ అదే నిష్పత్తిలో తగ్గింది. ప్రొవిజన్ మీద దీని ప్రభావం 1.2 కోట్లు. మెటీరియాలిటీ లోపలే ఉంది కాబట్టి విడిగా చూసేవాళ్లు ఇక్కడ వదిలేస్తారు.

నోట్‌లో కారణం "గ్రామీణ ఆదాయాలు మెరుగవుతున్నాయి". 2023లో కృష్ణా ఎగువన వానలు తక్కువ పడ్డాయి, నది మీది ప్రాజెక్టులకు సరిపడా నీళ్లు రాలేదు. ఆ సంగతి ఈ జిల్లాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. కానీ బయటి సంగతులతో వాదిస్తే మీ అభిప్రాయం మీది, మా అభిప్రాయం మాది అన్నట్టు తేలుతుంది. అందుకని కంపెనీ తన నోటితో తాను ఇంకెక్కడ ఏం చెప్పిందో వెతికాం. ఫిబ్రవరిలో ఒక బ్యాంకుకు ఇచ్చిన లిమిట్ రెన్యువల్ కాగితాల్లో, సాగర్ ఆయకట్టులో ట్రాక్టర్ అప్పులు తగ్గిస్తున్నామని, నీళ్ల ఎద్దడి వల్ల వసూళ్లు మందగించవచ్చని రాసి ఉంది. బ్యాంకుకు అలా, ఈసీఎల్ నోట్‌లో ఇలా. రెండూ ఒకే సీఎఫ్‌ఓ సంతకంతో, నెల తేడాలో.

ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించాక ఈ అంశం మీద పెద్దగా వాదన జరగలేదు. ఒక ఊహను పరీక్షించేటప్పుడు దాన్ని బలపరిచే కాగితం కంటే కాదనే కాగితం ఎక్కడ దొరుకుతుందో ముందు ఆలోచించుకోవాలి. బ్యాంకులకిచ్చే ప్రొజెక్షన్లు, అప్పులిచ్చే పాలసీలో మార్పులు, వసూళ్ల సిబ్బంది ఇన్సెంటివ్ టార్గెట్లు, ఇవన్నీ ఈసీఎల్ ఫైల్‌లో ఉండవు. అక్కడే కంపెనీ నిజంగా ఏమనుకుంటోందో కనిపిస్తుంది.

స్టేజ్ 3 నుంచి బయటికి వచ్చినవి

ఇది అంచనా విషయం కాదు, కానీ అంచనాలోకి దూరింది. 2021 నవంబర్ 12 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం ఎన్‌పీఏ అయిన ఖాతా మళ్లీ స్టాండర్డ్ కావాలంటే బాకీపడ్డ అసలు, వడ్డీ మొత్తం కట్టాలి. కంపెనీ బోర్డు ఆమోదించిన ఈసీఎల్ పాలసీలోనూ ఇదే నియమం. అయినా ఒకటి రెండు కిస్తీలు వచ్చి, ఆలస్యం 112 రోజుల నుంచి 84 రోజులకు తగ్గిన ఖాతాలు స్టేజ్ 2లో కనిపించాయి.

మార్చి 31 జాబితా ఒక్కటే చూస్తే ఇది దొరకదు. ఆ రోజు అవి నిజంగానే 90 రోజుల లోపలే ఉన్నాయి. మేం ప్రతి త్రైమాసికం చివరి స్టేజ్ 3 జాబితా తీసుకున్నాం. తర్వాతి జాబితాలో లేని ఖాతా పేర్లు ఏరి, అది ముగిసిందా, బాకీ పూర్తిగా తీరిందా అని చూశాం. రెండూ కాని ఖాతాలు 7 కోట్ల మేర తేలాయి. సాఫ్ట్‌వేర్ రోజుల లెక్కను బట్టి స్టేజ్ వేస్తోంది, ఖాతా చరిత్ర చూడట్లేదు. నిరుటిదాకా రిస్క్ టీమ్‌లో ఒకతను చేత్తో సరిచేసేవాడు. ఈ ఏడు ఆ పని ఆపేశారు. ఎందుకు ఆపారన్నదానికి ఎవరూ సూటిగా చెప్పలేదు.

మేనేజ్‌మెంట్ సొంత 30 శాతం ఎల్‌జీడీతోనే లెక్కించినా ఈ 7 కోట్ల వల్ల ప్రొవిజన్ 1.7 కోట్లు తక్కువ. దీన్ని తీర్పులో తేడాగా చూడలేం, ఇది వాస్తవంలో జరిగిన తప్పు. ఆడిట్‌లో దొరికిన తప్పులు రాసుకునే ఎస్‌ఏ 450 పట్టికలో విడిగానే రాశాం. తీర్పు అంశాలతో కలిపేస్తే చర్చలో "అన్నీ అభిప్రాయ భేదాలే" అని కొట్టుకుపోతుంది.

సీఎఫ్‌ఓతో

లెక్కలన్నీ అయ్యాక మా రేంజ్ 28.9 నుంచి 30.4 కోట్లు. ఇందులో స్టేజింగ్ సరిచేశాం, నిరుటి వెయిట్లు ఉంచాం, ఎల్‌జీడీ 39 నుంచి 41. మేనేజ్‌మెంట్ అంకె 19.4. రేంజ్ వాడినప్పుడు మేనేజ్‌మెంట్ అంకెకూ రేంజ్‌లో దానికి దగ్గరి కొసకూ ఉన్న తేడా కంటే తప్పు తక్కువ ఉండదు. అంటే కనీసం 9.5 కోట్లు.

సీఎఫ్‌ఓ మొదటి మాట: "ఆర్‌బీఐ ప్రొవిజనింగ్ నిబంధనల కింద లెక్కేస్తే ఇందులో సగం కూడా అవసరం లేదు సార్. మేం చాలా ఎక్కువే పెట్టాం."

ఈ మాట చాలాచోట్ల వినిపిస్తుంది కాబట్టి జవాబు వివరంగా చెప్పాలి. 2020 మార్చి 13 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ఈ రెండు లెక్కలనూ పోల్చమంది. ఈసీఎల్ తక్కువైతే ఆ తేడాను లాభంలోంచి ఇంపెయిర్‌మెంట్ రిజర్వ్‌కు మార్చాలి. అంటే ఆర్‌బీఐ లెక్క అడుగు హద్దు. ఈసీఎల్ ఎంత ఉండాలో చెప్పేది ఇండ్ ఏఎస్ 109 మాత్రమే. అది కోరేది కంపెనీ సొంత అనుభవం, అందుబాటులో ఉన్న సమాచారం ఆధారంగా ఏ పక్కకూ మొగ్గని అంచనా. ఎక్కువ పెట్టామా అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

రెండో మాట: "మోడల్‌ను బయటి ఏజెన్సీ వ్యాలిడేట్ చేసింది." ఆ రిపోర్ట్ మేం అప్పటికే చదివాం. ఏజెన్సీ ఫార్ములాలు సరిచూసింది, ఇచ్చిన డేటా సరైనదన్న ఊహతో మొదలుపెట్టింది. డేటా పూర్తిగా ఉందా అని చూడటం తమ పరిధిలో లేదని రెండో పేజీలోనే రాసింది. ఆ వాక్యం చూపించాను.

మూడోసారి ఆయన కొంచెం బాధగానే అడిగారు: "అంటే మేం కావాలని చేశామంటారా?" నేను ఉన్న సంగతే చెప్పాను. ఎవరి మనసులో ఏముందో మేం తేల్చలేం, తేల్చాల్సిన పనీ లేదు. పక్షపాత సూచన ఉన్నంత మాత్రాన అది తప్పు లెక్క అయిపోదని ఎస్‌ఏ 540 కూడా అంటుంది. మూడు మార్పులూ ఒకే దిశలో వెళ్లాయి, మూడింటికీ ఎదురు సాక్ష్యం కంపెనీ కాగితాల్లోనే ఉంది. ఆ రెండు వాక్యాలూ ఆడిట్ కమిటీకి వెళ్తాయి, అంతకు మించి విశేషణాలేవీ రాయం అన్నాను. స్టేజింగ్ విషయంలో చేత్తో సరిచేయడం ఆపమని ఎవరు చెప్పారో మాత్రం మేనేజింగ్ డైరెక్టర్ గారిని విడిగా రాతపూర్వకంగా అడిగాం. అది మోసమా కాదా అన్న ప్రశ్న ఎస్‌ఏ 240 కిందికి వస్తుంది, దాన్ని సీఎఫ్‌ఓతో కూర్చుని తేల్చలేం. వచ్చిన జవాబునూ, ఈ-మెయిల్ ఆధారాలనూ చూశాక, ఉద్యోగి బదిలీ అయ్యాక ఆ పని ఎవరికీ అప్పగించలేదని తేలింది. కంట్రోల్ లోపంగా రిపోర్ట్ చేశాం.

ఆడిట్ కమిటీలో ఒక స్వతంత్ర డైరెక్టర్ గారు ఆ లారీ లెక్కను రెండుసార్లు అడిగి మరీ చెప్పించుకున్నారు. 24.5 శాతం 45 శాతం ఎలా అయిందో అర్థమయ్యాక మిగతా చర్చ త్వరగానే ముగిసింది.

కంపెనీ స్టేజింగ్ పూర్తిగా సరిచేసింది. ఎల్‌జీడీని 39 శాతానికి తెచ్చింది. వెయిట్లను మాత్రం నిరుటి దగ్గరికి తేకుండా 65, 15, 20 దగ్గర ఆగింది. ప్రొవిజన్ 28.1 కోట్లయింది, లాభం 30 కోట్ల నుంచి 21.3 కోట్లకు దిగింది. మా రేంజ్ కింది కొసకు ఇంకా సుమారు 80 లక్షలు తక్కువ. అది మెటీరియాలిటీ లోపల ఉంది. సరిదిద్దని తప్పుల పట్టికలో పెట్టి, కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చి, మేనేజ్‌మెంట్ రిప్రజెంటేషన్ లెటర్‌కు జతచేయించుకున్నాం. డ్రాఫ్ట్‌లో అసలు లేని డిస్‌క్లోజర్, అంటే అంచనాలు మారాయని, దాని ప్రభావం ఇంత అని ఇండ్ ఏఎస్ 8 కింద చెప్పాల్సిన నోట్, చేర్పించాం. రిపోర్ట్‌లో ఈసీఎల్‌ను కీ ఆడిట్ మ్యాటర్‌గా రాసి, గేటు రిజిస్టర్‌తో పోల్చిన పనినీ, త్రైమాసిక జాబితాల పనినీ అందులో పేర్కొన్నాం.

ఒక సంగతి ఫైల్‌లో వచ్చే ఏటి టీమ్ కోసం రాసి పెట్టాం. ఎల్‌జీడీ విషయంలో కంపెనీ మా రేంజ్‌లో అట్టడుగు అంకెనే ఎంచుకుంది, వెయిట్లలో సగం దూరమే వచ్చింది. రేంజ్ లోపల ఉన్నంతవరకు కింది కొసను ఎంచుకోవడం తప్పు కాదు. వచ్చే ఏడు కూడా ప్రతి ఊహా కింది కొసనే పట్టుకుని ఉంటే, విడివిడిగా ఏదీ తప్పు కాకపోయినా మొత్తాన్ని ఒక ధోరణిగా చూడాలి. ఈ 43 కోట్ల స్టేజ్ 3 ఖాతాల జాబితా, ఒక్కో బండి యార్డులో ఉన్న తేదీతో సహా, ఆ నోట్‌కు జతచేశాం. వచ్చే ఏడు పని ఆ జాబితాతోనే మొదలుపెట్టాలి.